పద్దుల్లేని కొట్టుకు లాభం ఎంత?

మండల కేంద్రంలోని ఒక కిరాణా కొట్టును ఊహించుకుందాం. యజమాని ఇరవై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నాడు. లెక్కలంటే అతని దగ్గర ఉన్నవి గల్లాపెట్టె, అరువు పుస్తకం, తీగకు గుచ్చిన హోల్‌సేల్ బిల్లులు, బ్యాంకు ఖాతా. ఏ రోజు ఎంత అమ్మాడో రాయడు. ఇంటి ఖర్చుకు ఎంత తీశాడో అసలే రాయడు. ఇప్పుడు కొట్టు పెంచడానికి అప్పు కావాలని బ్యాంకుకు వెళ్తే, పోయిన ఏడాది లాభం ఎంతని అడిగారు. అన్నదమ్ములు వేరుపడినా, ఆదాయపు పన్ను నోటీసు వచ్చినా ఎదురయ్యేది ఇదే ప్రశ్న.

మామూలుగా లాభం అంటే అమ్మకాల్లోంచి కొనుగోళ్లు, ఖర్చులు తీసేయగా మిగిలేది. అమ్మకాలే రాయని చోట ఆ దారి మూసుకుపోతుంది. ఇంకో దారి ఉంది. ఏడాది మొదట్లో కొట్టుకు ఉన్న ఆస్తులు ఎన్ని, అప్పులు ఎన్ని, ఏడాది చివర ఎన్ని అని రెండు పట్టీలు రాస్తారు. ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే వచ్చేది ఆ రోజున యజమాని మూలధనం. ఏడాదిలో అది ఎంత పెరిగిందో చూసి, మధ్యలో అతను సొంతానికి వాడుకున్నది కలిపి, బయటి నుంచి తెచ్చి పెట్టింది తీసేస్తే మిగిలినదే వ్యాపారం సంపాదించిన లాభం. కామర్స్ పుస్తకాల్లో ఇది ఒంటి పద్దు విధానం అనే పాఠంలో వస్తుంది. ఆ పట్టీని వ్యవహారాల నివేదిక అంటారు. పాఠంలో ఇది పది నిమిషాల లెక్క, ఎందుకంటే అంకెలన్నీ ప్రశ్నలోనే ఇస్తారు. కొట్టులో ఆ అంకెలను వెతికి పట్టుకోవాలి, కష్టమంతా అక్కడే.

మన కొట్టుకు 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు లాభం కట్టాలి. చివరి రోజు పట్టీ తేలిక. ఆ రోజు కొట్టు కళ్ల ముందే ఉంటుంది, సరుకు లెక్కపెట్టవచ్చు, గల్లాపెట్టె తెరిచి చూడవచ్చు. ఏడాది కిందటి ఏప్రిల్ 1 పట్టీ మాత్రం ఎవరూ రాసి ఉండరు. అందుకే నా దృష్టిలో ఈ పద్ధతి నిలబడేదీ కూలేదీ మొదటి పట్టీ మీదే.

దాన్ని తిరిగి కట్టడానికి ముందు బయటివాళ్ల కాగితాల దగ్గరకు వెళ్లాలి. బ్యాంకు నిల్వకు స్టేట్‌మెంట్ ఉంది: ఏప్రిల్ 1న 48,000 రూపాయలు. బ్యాంకు అప్పు ఆ రోజుకు 1,00,000 అని అప్పు ఖాతా స్టేట్‌మెంటే చెబుతుంది. హోల్‌సేల్ వ్యాపారులకు ఇతను ఎంత బాకీ ఉన్నాడో ఇతను రాసుకోకపోయినా వాళ్లు తప్పకుండా రాసుకుంటారు. ముగ్గురు నలుగురి దగ్గర ఖాతా నకలు అడిగితే 1,90,000 అని తేలింది. కొట్టు అడ్వాన్సు 50,000 అని అద్దె ఒప్పందంలో ఉంది. ర్యాకులు, కాటా, ఫ్రిజ్ పాత బిల్లులు చూసి, వాడిన కాలానికి తరుగుదల పోగా 90,000 వేశారు.

అరువుల దగ్గర వెనక్కి నడవాలి. అరువు పుస్తకంలో ఒక ఖాతాదారు పేరు మీద ఇవాళ 6,000 బాకీ కనిపిస్తుంది అనుకుందాం. ఏప్రిల్ 1 తర్వాత అతను 11,000 సరుకు అరువుకు తీసుకున్నాడు, 9,000 చెల్లించాడు. అంటే ఏప్రిల్ 1న అతని బాకీ 4,000. ఇలా ఒక్కో పేరుకూ చేసుకుంటూ పోతే మొత్తం 1,40,000 వచ్చింది. విసుగు పుట్టించే పనే, కానీ ఆ పుస్తకం చించేయకుండా ఉంటే ఊహ అవసరం లేని పని. గల్లాపెట్టెలో ఆ రోజు ఎంత ఉందో ఏ కాగితమూ చెప్పదు. మర్నాడు బ్యాంకులో వేసిన నగదు, ఆ వారం హోల్‌సేల్ వాళ్లకు ఇచ్చిన నగదు చూసి 22,000 అని అంచనా వేశారు.

అన్నిటికంటే పెద్ద అంకె సరుకు నిల్వ, అన్నిటికంటే తక్కువ ఆధారం ఉన్నదీ అదే. ఏడాది కిందట అరల్లో ఎన్ని నూనె ప్యాకెట్లు ఉన్నాయో ఎవరికి గుర్తుంటుంది? యజమాని మూడున్నర లక్షల పైమాటే అన్నాడు. దాన్ని అలాగే రాసుకోకుండా ఫిబ్రవరి, మార్చి కొనుగోలు బిల్లులు తీశారు. ఏ సరుకు ఎన్ని రోజుల్లో అమ్ముడుపోతుందో అతనికి కొట్టినపిండి. బియ్యం బస్తాలు పన్నెండు రోజులకు ఒక లోడు, సబ్బులు నెలకు, మసాలాలు రెండు నెలలకు. ఆ లెక్కన ఏప్రిల్ 1 నాటికి ఏ బిల్లుల సరుకు ఇంకా మిగిలి ఉండాలో కట్టి, 3,60,000కు వచ్చారు. అది ఖచ్చితం కాదు, కానీ ఎలా వచ్చిందో ఎవరు అడిగినా చూపించగలరు.

అన్నీ కలిపితే ఏప్రిల్ 1న ఆస్తులు 7,10,000. అప్పులు 2,90,000. మూలధనం 4,20,000.

ఇక 2025 మార్చి 31. గల్లాపెట్టెలో 15,000, బ్యాంకులో 35,000. సరుకు లెక్కపెట్టి, కొన్న ధర వేస్తే 4,10,000. అరువులు 2,05,000 ఉన్నాయి కానీ వాటిలో 25,000 ఈ ఏడాదే ఊరు వదిలి వెళ్లిపోయినవాళ్లవి. అవి రాని బాకీలు, తీసేస్తే 1,80,000. పాత ఫ్రిజ్, ర్యాకుల మీద పది శాతం తరుగుదల పోగా 81,000. అక్టోబరులో 40,000 పెట్టి కొన్న డీప్ ఫ్రీజర్‌కు ఆరు నెలల తరుగుదల పోగా 38,000. అడ్వాన్సు అదే 50,000. ఆస్తులు మొత్తం 8,09,000. అప్పుల వైపు హోల్‌సేల్ వాళ్లకు 2,30,000, బ్యాంకుకు 64,000, మార్చి నెల అద్దె 8,000, కరెంటు బిల్లు 3,000. మొత్తం 3,05,000. మిగిలిన మూలధనం 5,04,000.

ఏడాదిలో మూలధనం 84,000 పెరిగింది. యజమాని ఈ అంకె చూసి నమ్మడు. "ఏడాదంతా నిలబడితే ఎనభై నాలుగు వేలేనా అండీ?" అంటాడు. అతని అనుమానం న్యాయమైనదే. అది లాభం కాదు, లాభంలో కొట్టులో మిగిలిపోయిన భాగం మాత్రమే. తిన్నదీ తీసుకున్నదీ ఇంకా కలపలేదు.

సొంతవాడకాలు అడిగితే మొదట వచ్చే జవాబు నెలకు ఇంత అని ఇంటికి ఇచ్చే నగదు. మన యజమాని నెలకు 15,000 అన్నాడు, ఏడాదికి 1,80,000. అక్కడితో ఆగకూడదు. కొట్టు ఖాతా నుంచే అమ్మాయి కాలేజీ ఫీజు 60,000 వెళ్లింది, జీవిత బీమా ప్రీమియం 24,000 వెళ్లింది. ఇవి రెండూ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరికాయి, అతని మాటల్లో రాలేదు. ఇక ఎవరూ చెప్పని అంశం ఇంటికి తీసుకెళ్లే సరుకు. బియ్యం, పప్పు, నూనె, సబ్బు ఏదీ ఆ ఇల్లు బయట కొనదు. నలుగురున్న ఇంటికి కొన్న ధరలో నెలకు 4,000 అనుకున్నా ఏడాదికి 48,000. అన్నీ కలిపి సొంతవాడకాలు 3,12,000. మూలధనం పెరుగుదల కంటే ఇది దాదాపు నాలుగు రెట్లు. చిన్న కొట్టులో లాభం ఎక్కువగా ఇంట్లోనే ఖర్చవుతుంది. సొంతవాడకాలు తక్కువ చెబితే లాభం అంతే తక్కువ కనిపిస్తుంది.

తర్వాత రెండో వైపు చూడాలి. జనవరిలో బ్యాంకు ఖాతాలోకి ఒకేసారి 1,00,000 వచ్చింది. అది అమ్మకాల డబ్బు కాదు. అతని భార్య కుట్టుపని మీద సంపాదించి కట్టుకున్న చిట్టీ పాడి తెచ్చి కొట్టులో పెట్టింది. అది వ్యాపారం సంపాదించలేదు కాబట్టి తీసేయాలి. ఇప్పుడు లెక్క పూర్తవుతుంది: 5,04,000కు 3,12,000 కలిపి, 1,00,000 తీసి, మొదటి మూలధనం 4,20,000 తీసేస్తే 2,96,000. నెలకు పాతిక వేలకు కాస్త తక్కువ.

ఆ లక్ష రూపాయలు పెట్టుబడి కాదు, తర్వాత తిరిగి ఇచ్చేయాలని ఆమె అంటే? అప్పుడు దాన్ని మార్చి 31 పట్టీలో అప్పుల వైపు రాస్తాం. మూలధనం 4,04,000 అవుతుంది, లెక్క చివర లక్ష తీసేయాల్సిన పని ఉండదు, లాభం మళ్లీ 2,96,000నే. దాన్ని ఏ పేరుతో రాసినా లాభం మారదు. అసలు రాయడం మరిచిపోతే మాత్రం లాభం 3,96,000 అయిపోతుంది.

ఇదే తర్కం ఇల్లూ కొట్టూ కలిసిపోయిన చోట కూడా పనికొస్తుంది. చాలామందికి ఒకే బ్యాంకు ఖాతా, ఒకే జేబు. అలాంటప్పుడు గీత కొట్టు చుట్టూ గీయాలా, మనిషి చుట్టూ గీయాలా అన్నది ముందే తేల్చుకోవాలి. కొట్టు డబ్బుతో రెండు లక్షల ప్లాటు కొన్నాడనుకోండి. గీత కొట్టు చుట్టూ ఉంటే అది సొంతవాడకం. గీత మనిషి చుట్టూ ఉంటే అది ఆస్తి, కొన్న ధరకే రాయాలి. రెండు దారుల్లోనూ లాభం ఒక్కటే. ఆ ప్లాటు ధర ఏడాదిలో మూడు లక్షలైందని మూడు లక్షలు వేస్తేనే చిక్కు, ఎందుకంటే ఆ లక్ష కిరాణా అమ్మి సంపాదించింది కాదు. మనిషి చుట్టూ గీత గీస్తే పొలం మీద వచ్చిన కౌలు, ధాన్యం అమ్మిన డబ్బు, పెళ్లిలో వచ్చిన కట్నకానుకలు, కొడుకు పంపిన జీతం కూడా గీత లోపలికి వస్తాయి. ఒక్కొక్కటీ వేరు చేసి తీసేయాలి. చిట్టీల్లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. పాడని చిట్టీకి ఇప్పటిదాకా కట్టినది ఆస్తి. పాడేశాక ఇంకా కట్టాల్సిన వాయిదాలు అప్పు. పాడిన డబ్బును ఆస్తిలో చూపి, మిగిలిన వాయిదాలను మరిచిపోవడం తరచూ జరిగే తప్పు. దానివల్ల లేని లాభం పుడుతుంది.

లేని లాభం పుట్టే చోట్లు ఇంకా ఉన్నాయి, అన్నిటిలోకీ ముఖ్యమైనది సరుకు విలువ. మార్చి 31న యజమాని చకచకా లెక్కపెట్టి, కొన్న ధర వెతకడం కష్టమని అన్నిటికీ అమ్మే ధర వేశాడనుకుందాం. అది కొన్న ధర కంటే సుమారు 12 శాతం ఎక్కువ. 4,10,000 కాస్తా 4,59,200 అవుతుంది. మొదటి పట్టీలో కొన్న ధర ఉంటే, అమ్మకుండానే 49,200 లాభం వచ్చేసినట్టు కనిపిస్తుంది. రెండు పట్టీల్లోనూ అమ్మే ధరే వేశాడనుకోండి. మొదటిది 4,03,200 అవుతుంది. పెరుగుదల 50,000 బదులు 56,000. తప్పు 6,000కు పడిపోయింది. ఈ పద్ధతికి కావాల్సింది ఆస్తుల విలువ కంటే, వాటిలో వచ్చిన మార్పు. రెండు చివర్లా ఒకే తప్పు చేస్తే అది చాలావరకు రద్దయిపోతుంది. ఒక చివరే చేసిన తప్పు పైసా తగ్గకుండా లాభంలోకి దిగుతుంది. కొన్న ధర వేయడం సరైన పద్ధతి. అది కుదరని చోట రెండు రోజులకూ ఒకే కొలత వాడటం తప్పనిసరి.

రాని బాకీలకూ ఇదే వర్తిస్తుంది. ఆ 25,000 బాకీ ఉన్నవాళ్లు ఏడాది కిందటే ఊరు వదిలి వెళ్లి ఉంటే, అప్పటికే అది పోయిన డబ్బు. మొదటి పట్టీలో కూడా తీసేయాలి. లేకపోతే నిరుటి నష్టం ఈ ఏడాది మీద పడుతుంది. తేదీ సరిహద్దు దగ్గరా ఒక గుంట ఉంది. మార్చి 30న డిస్ట్రిబ్యూటర్ వ్యాన్ 30,000 సరుకు దించి, బిల్లు ఏప్రిల్ 2న ఇచ్చాడనుకోండి. సరుకు లెక్కలోకి వచ్చింది, బాకీ రాలేదు. ఆ ముప్పై వేలు మొత్తం లాభంలా కనిపిస్తాయి. అందుకే నేనైతే ఏప్రిల్ మొదటి వారం బిల్లులన్నీ చూడకుండా మార్చి 31 పట్టీని ఒప్పుకోను.

వచ్చిన అంకె నమ్మదగినదా కాదా అని తెలుసుకోవడానికి పూర్తిగా వేరే దారిలో వెళ్లి చూడాలి. కొనుగోలు బిల్లులు, జీఎస్టీ పోర్టల్‌లో సరఫరాదారులు చూపించినవి కలిపితే ఏడాదిలో 38,00,000 సరుకు వచ్చింది అనుకుందాం. దానికి మొదటి నిల్వ కలిపి, చివరి నిల్వ, ఇంటికి వెళ్లిన 48,000 తీసేస్తే అమ్ముడైన సరుకు కొన్న ధరలో 37,02,000. దాని మీద సగటున 12 శాతం లాభం వేసుకుంటే సుమారు 4,44,000. అందులోంచి అద్దె, కరెంటు, వడ్డీ, తరుగుదల, రాని బాకీలు కలిపి 1,78,000 పోతే 2,66,000. మన అంకె 2,96,000. ముప్పై వేల తేడా ఎక్కువే అనిపించవచ్చు, కానీ సగటు లాభం 12 బదులు 12.8 శాతం అయితే ఆ తేడా మాయమవుతుంది. అంత దగ్గరగా వచ్చిందంటే రెండు దారులూ ఒకదాన్నొకటి నిలబెడుతున్నాయి.

ఈ రెండో దారిలో ఐదు లక్షలు వచ్చి, మూలధనం దారిలో మూడు లక్షలే వస్తే, సొంతవాడకాల్లో ఏదో చెప్పలేదని గానీ, సరుకో డబ్బో కొట్టు నుంచి యజమానికి తెలియకుండా పోతోందని గానీ అనుమానించాలి. ఆ రెంటిలో ఏదన్నది మాత్రం ఈ లెక్క చెప్పదు.

ఆదాయపు పన్ను విషయానికి వస్తే, ఇలాంటి చిన్న కొట్టుకు చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. మనం లెక్క కట్టిన 2024-25 సంవత్సరానికి వర్తించిన 1961 చట్టంలోని 44ఎడి సెక్షన్ కింద, రెండు కోట్ల లోపు టర్నోవరు ఉన్న వ్యాపారి టర్నోవరు మీద 8 శాతం, బ్యాంకు ద్వారా, డిజిటల్‌గా వచ్చిన దాని మీద 6 శాతం లాభంగా చూపవచ్చు. నిజంగా అంతకన్నా ఎక్కువ వస్తే ఎక్కువే చూపాలి. మన కొట్టు టర్నోవరు సుమారు 41,46,000. దాని మీద 6 శాతం అంటే 2,49,000 దరిదాపుల్లో, 8 శాతం అంటే 3,32,000 దరిదాపుల్లో. 2,96,000 ఆ మధ్యలో పడింది. అయితే ఈ శాతం పద్ధతిలో లాభం చూపినంత మాత్రాన, ఆ ఆదాయానికి అందనంత ఆస్తి ఎలా కొన్నాడని ప్రశ్న రాదనుకోకూడదు. లెక్క చెప్పలేని పెట్టుబడిని ఆదాయంగా లెక్కగట్టే అధికారం పన్ను అధికారులకు ఉంది.

పన్ను అధికారులు నికర ఆస్తి పెరుగుదలను పట్టుకుని ఆదాయం కట్టడం కొత్త కాదు. అమెరికాలో ఈ పద్ధతి హద్దులను తేల్చింది 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన హాలండ్ కేసు తీర్పు. హోటల్ నడుపుతున్న ఒక జంట చూపిన ఆదాయం కంటే వాళ్ల ఆస్తి చాలా ఎక్కువ పెరిగిందని ప్రభుత్వం నిరూపించబోయింది. ఆ డబ్బు మా దగ్గర ముందే నగదుగా ఉంది, మీ మొదటి పట్టీలో అది లేదు అని వాళ్లు వాదించారు. కోర్టు వాళ్ల శిక్షను సమర్థించింది కానీ ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదాలను ఏకరువు పెట్టింది. మొదటి రోజు నికర ఆస్తిని తగినంత ఖచ్చితంగా స్థాపించాలి. పెరిగిన డబ్బు పన్ను పడే ఆదాయం నుంచే వచ్చిందని నమ్మడానికి ఆధారం ఉండాలి. పన్ను చెల్లింపుదారు చూపించిన ఆనవాళ్లు తర్కానికి నిలిచేవైతే వాటి వెంట వెళ్లి పరిశీలించాలి. కిరాణా కొట్టుకూ ఈ మూడూ సరిపోతాయి. బీరువాలో దాచిన డబ్బు నిజంగా ఉంటే, అది ఎప్పటిది, ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలిగే కాగితం ఉండాలి. పొలం అమ్మిన దస్తావేజో, పాత బ్యాంకు స్టేట్‌మెంటో ఉంటే ఆ మాట నిలుస్తుంది.

ఎంత జాగ్రత్తగా చేసినా ఈ లెక్క మొత్తం లాభం ఎంతో చెబుతుంది తప్ప, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. బియ్యం మీద మిగిలిందా, కూల్‌డ్రింకుల మీద మిగిలిందా, అరువులు ఇచ్చి నష్టపోతున్నాడా అన్నది ఇందులోంచి తీయలేం. కొత్త ఫ్రీజర్ తన ఖర్చు తాను సంపాదించుకుందా అంటే జవాబు లేదు. దానికి రోజువారీ అమ్మకాలు సరుకు వారీగా రాయాల్సిందే.

అంత ఓపిక లేని కొట్టుకు కూడా, వచ్చే ఏడాది మొదటి పట్టీ కోసం బిల్లుల్లో తవ్వుకోనక్కర లేకుండా ఒక పని చేసుకోవచ్చు. మార్చి 31 రాత్రి షట్టర్ దించాక గల్లాపెట్టె నగదు లెక్కపెట్టి రాసుకోవాలి. కొన్న ధరలతో సరుకు జాబితా, ఆ రోజుకు అరువు పుస్తకంలో పేరుపేరునా బాకీ, హోల్‌సేల్ వాళ్ల నుంచి తెప్పించిన ఖాతా నకలు ఆ కాగితంతోనే కలిపి ఒక కవరులో పెట్టుకోవాలి. ఇంటికి తీసుకున్న డబ్బు, సరుకు కోసం ఒక చిన్న నోటుబుక్కు గల్లాపెట్టె పక్కన ఉంచి, తీసినప్పుడల్లా ఒక్క వరుస రాస్తే చాలు. ఆ కవరూ ఆ నోటుబుక్కూ ఉంటే, ఈ వ్యాసంలో అంచనాగా వేసిన పెద్ద అంకెల్లో గల్లాపెట్టె నగదు, సరుకు నిల్వ, సొంతవాడకాలు మూడూ రుజువు ఉన్న అంకెలవుతాయి.